ఏమైనా విశేషమా?

మన భాషలో 'విశేషం' అన్నది చాలా సాదాసీదా మాట. 'ఇక్కడ విశేషాలేమీ లేవు' అని ఉత్తరంలో రాస్తే అందరూ కులాసాగా ఉన్నారని అర్థం. పెళ్ళయి ఏడాది దాటిన జంటని 'ఏమైనా విశేషమా?' అని అడిగితే మాత్రం దానికి ఒక్కటే అర్థం. మేము న్యూజెర్సీకి కాపురానికి వచ్చిన 2010 నుంచి దాదాపు ఐదేళ్ళపాటు ప్రతి ఆదివారం ఉదయం ఇండియా నుంచి ఫోన్లో ఆ మాట వినిపించేది. మొదట్లో నవ్వొచ్చేది. తరవాత ఫోన్ మోగితే మా ఆవిడ బట్టలు మడతపెట్టే నెపంతో పైగదిలోకి వెళ్ళిపోయేది.

ఇలాంటి సంగతి మన సంచికలో రాయవచ్చా అని చాలాకాలం సందేహించాను. మా ఆవిడ ఇది చదివి, రెండుచోట్ల కొట్టేసి, ఒకచోట 'ఇది మీరు తప్పించుకుంటున్నారు' అని పక్కన రాసి ఇచ్చాకే పంపుతున్నాను. తప్పించుకుంటున్నానన్న ఆ చోటే ఈ వ్యాసానికి అసలు విషయం కాబట్టి ముందు అక్కడినుంచే మొదలుపెడతాను.

ఆడమనిషి వయసు ముప్ఫై ఐదు లోపయితే ఏడాది ప్రయత్నించాక, దాటితే ఆరు నెలలకే డాక్టరు దగ్గరికి వెళ్ళమంటారు. మేము మూడేళ్ళు ఆగి, 2013లో వెళ్ళాం. మా ఆవిడకి రక్తపరీక్షలు చేశారు. థైరాయిడ్ చూశారు, అండాల నిల్వ చూశారు. గర్భాశయంలోకి రంగు ద్రవం పంపి, నాళాలు తెరుచుకుని ఉన్నాయో లేదో ఎక్స్‌రేలో చూశారు. ఆ రోజు ఇంటికి వచ్చాక వేడినీళ్ళ సంచీ పొట్టమీద పెట్టుకుని సాయంత్రం దాకా ముడుచుకుని పడుకుంది. ఆవిడ పరీక్షలన్నిటికీ ఆరు నెలలు పట్టింది. అన్నీ బాగానే ఉన్నాయన్నారు.

నాకు చెయ్యవలసింది ఒక్కటే పరీక్ష. రెండు రోజుల నుంచి వారం లోపు దూరంగా ఉండి, ల్యాబులో ఒక చిన్న డబ్బాలో వీర్యం ఇచ్చి రావాలి. సూది లేదు, నొప్పి లేదు, అన్నిటికంటే చవక. అది మొదటిరోజునే రాసిచ్చారు. ఈ వారం రిలీజ్ ఉందని, వచ్చేవారం క్లయింట్ వస్తున్నాడని ఆరు నెలలు వాయిదా వేశాను. నాలో లోపం ఉండొచ్చన్న ఊహే నాకు రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. అందుకే వాయిదా వేశాను.

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కారణం ఉంటుంది, ఒక్కటిగానో, ఆడవైపు కారణంతో కలిసో. అందుకని ఇద్దరి పరీక్షలూ ఒకేసారి మొదలుపెట్టమంటారు. మన ఇళ్ళల్లో జరిగేది మాత్రం నేను చేసినట్టే. ఆడపిల్ల ఒంట్లో చూడగలిగినవన్నీ చూశాక, ఇక దారిలేక మగవాడిని అడుగుతారు.

నా రిపోర్టు 2014 ఫిబ్రవరిలో వచ్చింది. మిల్లీలీటరుకి కనీసం కోటీ యాభై లక్షల వీర్యకణాలు ఉండాలన్నది అప్పటి కొలత. ఇప్పుడు దాన్ని కోటీ అరవై లక్షలు చేశారు. నాకు ముప్ఫై లక్షలు కూడా లేవు. ఉన్నవాటిలో చురుగ్గా కదిలేవి తక్కువ. ఒక్క పరీక్షతో తేల్చరు. ఒక కణం తయారుకావడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, రెండు నెలల క్రితం గట్టిగా జ్వరం వచ్చినా ఇవాళ్టి లెక్క తగ్గిపోవచ్చు. మూడు నెలలు ఆగి మళ్ళీ చేశారు. మళ్ళీ అదే లెక్క. యూరాలజిస్టు పరీక్షించి, కొందరికి అక్కడ నరాలు ఉబ్బి ఉంటాయి, ఆపరేషన్‌తో సరిచెయ్యొచ్చు, మీకు అలాంటిదేమీ లేదు, కారణం తెలియదు అన్నాడు. చాలామందికి తెలియదట.

కారు పార్కింగులో కూర్చుని నేను మా ఆవిడతో మొదట అన్నమాట, "ఇంట్లో వాళ్ళకి చెప్పకు."

"సరే" అంది. ఇంకేమీ అడగలేదు.

ఆ 'సరే'కి ఖరీదు ఎంతో ఆ డిసెంబరులో మా మేనమామ కూతురి పెళ్ళికి వెళ్ళినప్పుడు తెలిసింది. తెనాలిలో పెళ్ళి. గౌరీపూజ దగ్గర ముత్తైదువులని పిలుస్తుంటే మా ఆవిడ లేవబోయింది. మా పెద్ద మేనత్త భుజం మీద చెయ్యివేసి, ప్రేమగానే, "నువ్వు కూర్చోమ్మా, ఎందుకులే" అంది. అంతే. గొడ్రాలు అన్న మాట ఎవ్వరూ అనలేదు. మనవాళ్ళు అనరు. భుజం మీద చెయ్యివేసి కూర్చోబెడతారు. మర్నాడు మా పిన్ని మోపిదేవి వెళ్ళి సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకోమంది. ఇంకొకాయన శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించమని, అమ్మాయి జాతకం పట్టుకు రమ్మని చెప్పాడు. జాతకం అమ్మాయిదే అడిగారు. నేను పక్కనే కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాను. నా సెల్‌ఫోనులో నా రిపోర్టు ఉంది.

ఇక వైద్యం సంగతి. కణాలు మరీ తక్కువగా ఉన్నప్పుడు 'ఇక్సీ' అనే పద్ధతి వాడతారు. 1992 నుంచి వాడుకలో ఉంది. అండంలోకి ఒకే ఒక్క వీర్యకణాన్ని సన్నటి గాజుసూదితో ఎక్కిస్తారు. లక్షలు అక్కర్లేదు, ఎన్ని అండాలుంటే అన్ని కణాలుంటే చాలు. మగవాడి లోపానికి ఇంత గొప్ప మందు లేదు. కానీ ఆ మందు పడేది మగవాడి మీద కాదు. ఆ అండాలు బయటికి రావాలంటే ఆడమనిషికే సూదులు వెయ్యాలి, మత్తు ఇవ్వాలి, మళ్ళీ ఆవిడ గర్భంలోనే పెట్టాలి. రోగం నాది, వైద్యం ఆవిడకి. బయటినుంచి చూసేవాళ్ళకి వైద్యం ఎవరికి జరుగుతుంటే లోపం వాళ్ళదే. ఈ ఒక్క సంగతి మాకు ముందే ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆ రెండేళ్ళు వేరుగా గడిచేవేమో.

డబ్బు గురించి కూడా ఒక మాట చెప్పాలి, మనలో చాలామందికి ఇది తెలియక దెబ్బతింటాం. న్యూజెర్సీలో 2001 నుంచి ఈ వైద్యానికి ఇన్సూరెన్స్ ఇవ్వాలన్న చట్టం ఉంది. ఉందిగదా అని ధైర్యంగా ఉన్నాను. కానీ పెద్ద కంపెనీలు చాలావరకు ఉద్యోగుల వైద్యఖర్చు తమ సొంత డబ్బుతోనే భరిస్తూ, ఇన్సూరెన్స్ కంపెనీని కాగితాలు చూడటానికి మాత్రమే పెట్టుకుంటాయి. అలాంటి పాలసీలకి రాష్ట్రం చట్టం వర్తించదు. కార్డు మీద ఇన్సూరెన్స్ కంపెనీ పేరే ఉంటుంది కాబట్టి మనకి తేడా కనిపించదు. 'మన పాలసీ సెల్ఫ్ ఫండెడా?' అని హెచ్ఆర్ వాళ్ళని సూటిగా అడగాలి. మాది అదే. మందులతో కలిపి మొదటి విడతకి పంతొమ్మిది వేల డాలర్లయ్యాయి. ఇంటి డౌన్‌పేమెంట్‌కి దాచిన డబ్బు అది. ఇంకా అద్దె ఇంట్లోనే ఉన్నారేమిటి అని అడిగినవాళ్ళకి మార్కెట్ బాగాలేదని చెప్పేవాణ్ణి.

2015 మార్చిలో మొదలుపెట్టాం. రోజూ రాత్రి ఎనిమిదింటికి వంటింటి గట్టుమీద సూదులు. ఐదారు రోజులయ్యాక, అండాలు ముందే విడుదలైపోకుండా ఆపడానికి పొద్దున ఇంకొకటి. పొట్టమీద వేసే చిన్న సూదులే, ఆవిడే వేసుకునేది. రోజు విడిచి రోజు ఉదయం ఆరున్నరకి క్లినిక్‌లో రక్తం తీసి, స్కాన్‌లో అండకోశాలు ఎన్ని మిల్లీమీటర్లు పెరిగాయో కొలిచేవారు. అక్కడినుంచి నేరుగా ఆఫీసు. మామూలుగా నెలకి ఒక అండం పెరిగే చోట పది పదిహేను పెరుగుతుంటే పొట్ట బిగిసిపోతుంది, వంగితే నొప్పి. ఆ రోజుల్లోనే ఒక మిత్రుల ఇంట్లో ఆవిడని చూసి ఒకరు, "ఏమిటి, తీపి కబురా?" అన్నారు నవ్వుతూ.

పెద్ద కోశాలు పద్దెనిమిది మిల్లీమీటర్లకి వచ్చాక చివరి సూది వేస్తారు. దాన్ని చెప్పిన నిమిషానికే వెయ్యాలి, ఎందుకంటే సరిగ్గా ముప్ఫై ఆరు గంటలకి అండాలు తీస్తారు. ఆలస్యమైతే అవి వాటంతట అవే విడుదలైపోయి చేతికి చిక్కవు. మాకు శనివారం రాత్రి పదిన్నరకి అని చెప్పారు. ఆ సాయంత్రం ఒక గృహప్రవేశం విందు ఉంది. తొమ్మిదింటికి లేచాం. "పిల్లలా జెల్లలా, మీకేమిటండీ తొందర, కూర్చోండి" అని ఆ ఇంటావిడ పట్టుకుంది. చెడ్డ మనిషి కాదు, ఇప్పటికీ మాకు కావలసినావిడే. కారులో మా ఆవిడ ఏడవలేదు. టైము చూడమంది, అంతే.

పదమూడు అండాలొచ్చాయని చెప్పగానే పదమూడుమంది పిల్లలన్నట్టు సంబరపడ్డాను. రోజుకొక ఫోన్ వస్తుంది, రోజూ అంకె తగ్గుతుంది, ఈ సంగతి ముందు తెలిస్తే కొంత నయం. పదమూడులో పక్వమైనవి పది. మర్నాటికి ఫలదీకరణ అయినవి ఏడు. ఐదో రోజుకి నిలిచినవి రెండు. ఇది దురదృష్టమేమీ కాదట, మామూలుగా జరిగేదే. ఒకటి గర్భంలో పెట్టి, ఒకటి గడ్డకట్టించి దాచారు. మా వయసు జంటలకి ఒక విడతలో బిడ్డ పుట్టే అవకాశం సగం కంటే తక్కువేనని డాక్టరు ముందే చెప్పింది. చెప్పినా మనకి వినిపించేది మిగిలిన సగమే.

ఆ తరవాత రోజూ రాత్రి ప్రొజెస్టరాన్ సూది. ఇది పొట్టమీద కాదు, నడుము కింద కండలోకి, ఒకటిన్నర అంగుళం సూది. ఆవిడకి చెయ్యి అందదు, నేనే వెయ్యాలి. మందు నూనెలో కలిపి ఉంటుంది, చిక్కగా ఉంటుంది కాబట్టి సీసాని కాసేపు చంకలో పెట్టి వెచ్చబెట్టి, మెల్లిగా ఎక్కించాలి. లేకపోతే గడ్డలు కడతాయి. ఆ నూనె ఏమిటో తెలుసా, నువ్వుల నూనె! కడుపుతో ఉన్నవాళ్ళు నువ్వులు తినకూడదని మా అమ్మ నూరుసార్లు చెప్పి ఉంటుంది. సీసామీద చదివి ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నెలలో నవ్విన సందర్భం నాకు గుర్తున్నంతవరకు అదొక్కటే.

సూది వేసేటప్పుడు ఆవిడ గోడవైపు తిరిగి నిలబడేది. నేను వేసి, దూదితో రుద్ది, సింక్ దగ్గర చేతులు కడుక్కుని ల్యాప్‌టాప్ తెరిచేవాణ్ణి. ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. ఆవిడకి అది నిర్లక్ష్యంలా కనిపించింది. నాకు ఆవిడ మౌనం నేరారోపణలా వినిపించింది. ఆ రోజుల్లో మేము మాట్లాడుకున్నవి మందుల టైములు, చెక్కుల నంబర్లు.

పదోరోజు రక్తపరీక్ష చేశారు. గర్భం నిలిస్తే పెరిగే హార్మోన్ నలభై ఒకటి ఉంది. వందకి అటూ ఇటూ ఉంటే ధైర్యంగా ఉండేదట, అయినా సున్నా కాదు. అంకె ఎంతన్నదానికంటే రెండు రోజులకి దాదాపు రెట్టింపు అవుతుందా లేదా అన్నది ముఖ్యం. రెండు రోజులకి యాభై ఎనిమిది. ఇంకో రెండు రోజులకి ఇరవై రెండు. సూదులు ఆపెయ్యమన్నారు. నాలుగు రోజులపాటు మాకు 'విశేషం' ఉంది. ఆ సంగతి లోకంలో మా ఇద్దరికీ, ఫోన్ చేసిన నర్సుకీ తప్ప ఎవరికీ తెలియదు. చెప్పనిదానికి ఓదార్చేవాళ్ళు ఎక్కడినుంచి వస్తారు?

ఆ ఆదివారం అమ్మ మామూలుగానే ఫోన్ చేసింది. స్పీకర్‌లో ఉంది. "అమ్మాయిని ఉద్యోగం మానెయ్యమనరా, అంత టెన్షన్ పెట్టుకుంటే కడుపెలా నిలుస్తుంది" అంది. నేను "సరేలే అమ్మా" అన్నాను.

ఫోన్ పెట్టాక మా ఆవిడ అన్నమాట ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. "ఏడాదిగా మీ రిపోర్టు నా ఒంటిమీద మోస్తున్నాను. సూదులు నాకేం బరువు కాలేదు. మీరు ఆ 'సరేలే' అంటారు చూడండీ, అదే మొయ్యలేకపోతున్నాను."

నేను ఎదురు మాట్లాడాను. డబ్బు ఎవరిదన్నాను. అనకూడని మాట. అదే నేను తప్పించుకుని రాశానని ఆవిడ పట్టుకున్న చోటు. మొదటి ప్రతిలో 'కొంచెం మాటామాటా అనుకున్నాం' అని రాశాను. రెండు నెలలు వేరువేరు గదుల్లో పడుకున్నాం.

టెన్షన్ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. తెలిసినవాళ్ళందరూ ఇచ్చే సలహా ఇదే, 'ఆలోచించడం మానెయ్యండి, అదే అవుతుంది' అని. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక విశ్లేషణ వేసింది. పద్నాలుగు అధ్యయనాల్లోని సుమారు మూడున్నర వేలమంది స్త్రీల వివరాలు కలిపి చూశారు. వైద్యానికి ముందు ఎక్కువ ఆందోళన పడినవాళ్ళకీ, పడనివాళ్ళకీ ఆ విడతలో గర్భం నిలవడంలో తేడా కనపడలేదు. మా క్లినిక్‌లోని కౌన్సెలర్ ఈ సంగతి చెప్పినప్పుడు మా ఆవిడ చాలాసేపు ఏడ్చింది. 'నేను సరిగ్గా స్థిమితంగా ఉండలేకపోయినందుకే పోయింది' అని రెండు నెలలుగా లోపల అనుకుంటోందట. ఆ సంగతి నాకు తెలియదు. పక్కగదిలో ఉన్నాను.

కౌన్సెలర్ దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళాం. పెద్ద మంత్రమేమీ చెప్పలేదావిడ. రెండే పనులు చెప్పింది. వైద్యం గురించిన మాటలు రోజుకి ఇరవై నిమిషాలు, రాత్రి భోజనం అయ్యాక, అంతకుమించి వద్దు. మిగతా టైములో మాట్లాడుకోవడానికి వేరే విషయాలు వెతుక్కోండి అంది. మొదటి వారం వెతికినా దొరకలేదు, అదీ మా పరిస్థితి. రెండోది, ఎవరి వైపు బంధువులకి వాళ్ళే జవాబు చెప్పాలి. అవతలి మనిషి చేత చెప్పించకూడదు, అవతలి మనిషిని ఆ మాటలకి వదిలెయ్యకూడదు. జవాబు ఏమిటో ఇద్దరూ ముందే కూర్చుని నిర్ణయించుకోవాలి. అందరికీ అన్నీ చెప్పనక్కర్లేదు, కానీ అబద్ధం ఒకరి నెత్తిన పెట్టకూడదు అంది.

మా జవాబు రాసుకోవడానికి మూడు రాత్రులు పట్టింది. చివరికి మిగిలింది ఇది: "డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, లోపం నాది, చెప్పవలసినప్పుడు నేనే చెబుతాను, అప్పటిదాకా అడగొద్దు." దూరపు చుట్టాలకి మధ్యమాట తీసేసి చెప్పొచ్చని మా ఆవిడే అంది.

ఆగస్టులో ఒక ఆదివారం అమ్మకి చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. ఫోన్ కట్ అయిందేమో అనుకున్నాను. తరవాత, "ఎప్పటినుంచి తెలుసురా నీకు?" అంది. పోయినేడాది ఫిబ్రవరి నుంచి అన్నాను. "మరి తెనాలి పెళ్ళిలో...?" అని ఆగిపోయింది. నేనేమీ అనలేదు. "అమ్మాయికివ్వు ఫోను" అంది. మా ఆవిడ ఫోన్ తీసుకుని పైకి వెళ్ళింది. ముప్పావుగంట మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో ఇప్పటిదాకా నాకు చెప్పలేదు.

దాచిన పిండాన్ని ఆ సెప్టెంబరులో పెట్టారు, నిలవలేదు. 2016లో ఇంకొక పూర్తి విడత చేశాం. ఈసారి తొమ్మిది అండాలు, ఐదోరోజుకి ఒకటి. అది కూడా నిలవలేదు. వైద్యం అక్కడితో ఆపుదామని 2017లో నిర్ణయించుకున్నాం. మళ్ళీ ప్రయత్నించకూడదని ఎవరూ చెప్పలేదు, దాత వీర్యం గురించి కూడా క్లినిక్‌లో విపులంగా చెప్పారు. మేము ఆపాం, అంతే. ఆ రెండు విడతల్లోనూ సూది వేశాక నేను ల్యాప్‌టాప్ తెరవలేదు. వేడినీళ్ళ సంచీ పట్టుకుని పక్కన కూర్చునేవాణ్ణి. చివరిసారి ఫలితం లేదని క్లినిక్ నుంచి ఫోన్ వచ్చిన మధ్యాహ్నం అమ్మకి ముందు ఫోన్ చేసింది మా ఆవిడే.

మా మేనత్తకి అమ్మే చెప్పినట్టుంది. మరుసటి ఏడాది ఇంకో పెళ్ళికి వెళ్ళినప్పుడు ఆవిడ మా ఆవిడని చెయ్యిపట్టుకుని పీటల దగ్గరికి తీసుకెళ్ళింది. క్షమించమనీ అనలేదు, ఇంకేమీ అనలేదు. నన్ను మాత్రం పక్కకి పిలిచి, తనకి తెలిసిన ఆయుర్వేదం ఆయన ఉన్నాడని, లేహ్యం నలభై రోజులు వాడాలని, వేడి చేస్తుంది కాబట్టి పైన మజ్జిగ తాగాలని చెప్పింది. చీటీ మీద అడ్రసు కూడా రాసిచ్చింది. జేబులో పెట్టుకున్నాను.